అతుకు దగ్గర ఏం దాటుతోంది? బొమ్మను చదివి, గీసే ఒకే మోడల్‌కూ రెండు మోడళ్ళ జోడింపుకూ తేడా

ప్రశ్న: ఫొటో చూసి వర్ణించే మోడల్ ఒకటి, మాటల నుంచి బొమ్మ గీసే మోడల్ ఒకటి తీసుకుని నేనే కలిపాను. "బల్ల మీది ఎర్ర కప్పును నీలం చెయ్యి, మిగతాదేదీ ముట్టుకోవద్దు" అంటే కప్పు నీలం అవుతోంది గానీ బల్ల, గది అన్నీ మారిపోతున్నాయి. చదవడం, గీయడం రెండూ ఒకే మోడల్ చేస్తే ఈ బాధ పోతుందా? లేక దాని లోపల కూడా ఇలాంటి అతుకే ఉంటుందా?

సమాధానం:

మీ రెండు మోడళ్ళూ వాటి పని సరిగ్గానే చేస్తున్నాయి. గీసే మోడల్ మీ ఫొటోను ఎప్పుడూ చూడలేదు, అసలు సంగతి అదే. దానికి అందింది మొదటి మోడల్ రాసిన నాలుగు వాక్యాలు మాత్రమే: చెక్క బల్ల, దాని మీద కప్పు, పక్కన తెరిచిన నోటుపుస్తకం, ఎడమవైపు కిటికీ నుంచి వెలుతురు. ఆ మాటలకు సరిపోయే బల్లలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి అది గీసింది. మీ బల్ల ఏదో దానికి తెలిసే దారే లేదు.

వర్ణన పొడవు పెంచితే సరిపోతుందని చాలామందికి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఇలాంటి జోడింపే ఒకటి కట్టి, వర్ణనను 60 పదాల నుంచి 300 పదాలకు పెంచి చూశాను. మొదటి ఆటంకం చాలా చిన్న చోట తగిలింది. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి వెర్షన్లలో మాటలను అర్థం చేసుకునే భాగం క్లిప్ అనే మోడల్ నుంచి తెచ్చుకున్నది. అది 77 టోకెన్ల వరకే, అంటే అన్ని పదాల లేక పదాల ముక్కల వరకే, చదువుతుంది, ఆ పైన ఎంత రాసినా తెగిపోతుంది. తర్వాత పొడుగు వర్ణనలు చదవగల మోడల్ పెట్టాను. బొమ్మలు అసలుకు దగ్గరగా వచ్చినట్టే కనిపించాయి. కానీ రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ఏ గీతా ఉన్నచోట లేదు.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. మీ ఫొటో 512×512 పిక్సెళ్ళు అనుకుందాం. ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగుల విలువలు, కాబట్టి 7,86,432 బైట్లు. 60 పదాల ఇంగ్లిష్ వర్ణన మూడు నాలుగు వందల బైట్లు. అయితే అసలు నష్టం పరిమాణంలో లేదు. మాటకు చోటు ఉండదు. "కప్పు పిడి కుడివైపుకి" అని చెప్పగలం గానీ, బల్ల చెక్కలోని ప్రతి చార ఎక్కడ వంగిందో, నోటుపుస్తకం మూల ఎంత మడిచి ఉందో మాటల్లో పెట్టలేం. వర్ణించే మోడల్ ఎంత తెలివైనదైనా, మాటల్లోకి రానిది అతుకు దాటదు. 2023లో చాట్‌జీపీటీలో డాల్-ఈ 3 పెట్టినప్పుడు జరిగిందీ ఇలాంటి ఏర్పాటే. భాషా మోడల్ ప్రాంప్ట్ రాసిస్తే బొమ్మల మోడల్ దాన్ని చదివి గీసేది. మాట నుంచి కొత్త బొమ్మ కావాలన్నప్పుడు ఆ పద్ధతి చక్కగా పనిచేసింది. ఉన్న బొమ్మలో ఒక్కటి మార్చమన్నప్పుడే చిక్కు వచ్చేది.

ఒకే మోడల్‌లో అదే కప్పు

ఇప్పుడు అదే ఫొటోను, అదే కోరికను రెండో రకం మోడల్‌కు ఇద్దాం. లెక్కకు సులువుగా ఉంటుందని మెటా వాళ్ళు 2024లో ప్రకటించిన కమీలియన్ తీరును తీసుకుంటాను.

అందులో ఫొటో ముందుగా టోకెనైజర్ గుండా పోతుంది. అది 512×512 ఫొటోను 1,024 టోకెన్లుగా మారుస్తుంది. అంటే అడ్డంగా 32, నిలువుగా 32 గళ్ళు, ఒక్కో గడికి 16×16 పిక్సెళ్ళు అని ఊహించుకోండి. ప్రతి గడికీ 8,192 నమూనాలున్న కోడ్‌బుక్ నుంచి ఒక నంబరు వేస్తుంది. ఆ నంబర్లు, మీ వాక్యంలోని టోకెన్లు ఒకే వరుసలో నిలబడతాయి. భాషా మోడల్ తర్వాతి పదాన్ని ఊహించినట్టే ఈ మోడల్ తర్వాతి టోకెన్‌ను ఊహిస్తుంది. అది పదమూ కావచ్చు, బొమ్మలోని గడీ కావచ్చు. కొత్త బొమ్మకు కావలసిన 1,024 నంబర్లు వచ్చాక డీకోడర్ వాటిని పిక్సెళ్ళుగా మారుస్తుంది.

కొత్త బొమ్మలో 500వ గడి వేసే క్షణాన్ని తీసుకోండి. అది పదహారో వరుసలో ఇరవయ్యో గడి. ఆ క్షణంలో మోడల్ అటెన్షన్‌కు, అంటే వరుసలో వెనక్కి చూసే దాని భాగానికి, పాత ఫొటోలోని 1,024 గళ్ళూ, మీ వాక్యమూ, ఇప్పటిదాకా తాను వేసిన 499 గళ్ళూ కనిపిస్తూనే ఉంటాయి. పాత ఫొటోలోని 500వ గడి బల్ల చెక్క అయితే, దాని నంబరును అలాగే ఎత్తి రాసుకోవచ్చు. కప్పు అయితే, పాత గడిలోని వంపునూ నీడనూ ఉంచుకుని రంగు మారిన నంబరు వెతకాలి. కప్పు ఎనిమిది గళ్ళ వెడల్పు, తొమ్మిది గళ్ళ ఎత్తు ఉందనుకుంటే మారాల్సినవి 72 గళ్ళు. మిగతా 952 గళ్ళలో పని దాదాపు నకలు రాయడమే.

"దాదాపు" అన్నది ఎర్ర కప్పు వల్లే. నునుపైన బల్ల మీద కప్పు కింద ఎర్రటి ఛాయ పడుతుంది. కప్పు నీలమైతే ఆ ఛాయా నీలం కావాలి. మీ జోడింపుకు మాస్క్ చేర్చి, కప్పు ఉన్నంత మేరే మళ్ళీ గీయించారనుకోండి. బల్ల చెక్కుచెదరదు, కానీ నీలం కప్పు కింద ఎర్ర ఛాయ మిగిలిపోతుంది. ఏదో తప్పుగా ఉందని చూసేవాళ్ళకు అనిపిస్తుంది, ఎక్కడో వెంటనే తెలియదు. ఒకే వరుసలో పనిచేసే మోడల్‌కు "కప్పు" అన్న మాట, కప్పు గళ్ళు, ఛాయ గళ్ళు అన్నీ ఒకే చోట ఉంటాయి. ఛాయ కప్పుదేనని చదివి తెలుసుకున్నదాన్నే గీసేటప్పుడు వాడుకోగలదు. మొత్తం తేడాలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే. ఏది మారాలో ఎవరూ మాస్క్ గీసి చూపించాల్సిన అవసరం లేదు.

కానీ "ఒకే మోడల్" అన్న పేరును నమ్మకండి

మీ రెండో ప్రశ్నకు జవాబు: అవును, లోపల కూడా అతుకులుంటాయి. వేరే చోట ఉంటాయి.

మొదటిది టోకెనైజర్. పై లెక్కలో ఒక్కో గడికి 8,192 నమూనాల్లో ఒకటి ఎంచుకోవాలి, అంటే 13 బిట్లు. 1,024 గళ్ళకు 13,312 బిట్లు, అంటే 1,664 బైట్లు. దాదాపు ఎనిమిది లక్షల బైట్ల ఫొటో ఇంత చిన్న సందులోంచి దూరింది. వర్ణన కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు, పైగా ప్రతి ముక్కకూ దాని చోటు తెలుసు. అయినా పోయేది పోతుంది. ముందుగా పోయేవి చిన్న అక్షరాలు. నోటుపుస్తకంలోని అక్షరం ఎత్తు పది పిక్సెళ్ళయితే అది ఒక్క గడిలోనే ఇరుక్కుంటుంది. కింద ఒత్తు, పైన గుడి ఉన్న తెలుగు అక్షరాన్ని ఊహించుకోండి. ప్రపంచంలోని అన్ని రకాల ఉపరితలాలకూ సరిపోవాల్సిన 8,192 నమూనాల్లో సరిగ్గా ఆ అక్షరానికి తగినది దొరకడం కష్టం. అక్షరాలు ఎక్కువగా ఉన్న బొమ్మలను తమ టోకెనైజర్ సరిగ్గా తిరిగి కట్టలేదనీ, అలాంటి బొమ్మలను చదివే శక్తికి అదే హద్దు అయిందనీ కమీలియన్ పత్రంలో రచయితలే రాశారు. అక్కడ మోడల్‌ను ఎంత పెద్దది చేసినా ఉపయోగం ఉండదు, కళ్ళద్దాల దగ్గరే మసక.

రెండోది ఇంకా లోతైనది. చదవడానికి కావలసిన చూపూ గీయడానికి కావలసిన చూపూ ఒకటి కావు. "ఇది కప్పు" అని గుర్తించాలంటే వెలుతురు మారినా, కోణం మారినా ఒకే అర్థం రావాలి. అంటే వివరాలను వదిలేయడం నేర్చుకోవాలి. గీయాలంటే ఆ వదిలేసిన వివరాలే కావాలి. ఒకే టోకెనైజర్‌తో రెండూ చేయిస్తే ఏదో ఒకటి దెబ్బతింటుంది, ఎక్కువసార్లు చదవడమే. డీప్‌సీక్ వాళ్ళు 2024లో తెచ్చిన జానస్ మోడల్ ఈ గొడవను రెండు కళ్ళు పెట్టి తీర్చింది. చదవడానికి సిగ్‌లిప్ అనే అర్థం పట్టే ఎన్‌కోడర్, గీయడానికి విడిగా కోడ్‌బుక్ టోకెనైజర్, మధ్యలో రెంటికీ ఉమ్మడిగా, టోకెన్ల వరుసను చదివి తర్వాతిది ఊహించే ఒకే ట్రాన్స్‌ఫార్మర్.

ఇక్కడ మీ కప్పు దగ్గరికి తిరిగి రండి. రెండు కళ్ళ మోడల్‌కు మీ ఫొటో ఏ కంటి గుండా వెళ్ళింది? అర్థం పట్టే కంటి గుండా మాత్రమే వెళితే, మోడల్ ఒక్కటే అయినా గీసే క్షణంలో దానికి కనిపించేది "చెక్క బల్ల, ఎర్ర కప్పు" అనే భావమే. చెక్క చారలు అప్పటికే పోయాయి. మాటల వర్ణన కన్నా ఇది చిక్కగా ఉంటుంది గానీ జబ్బు అదే. అందుకే ఫొటో మార్పులు కూడా చేయాలనుకున్న మోడళ్ళు ఇచ్చిన ఫొటోను రెండు రూపాల్లోనూ వరుసలో పెడతాయి. బైట్‌డాన్స్ వాళ్ళు 2025లో విడుదల చేసిన బేగెల్ ఇలాంటిది. అర్థం పట్టే ఎన్‌కోడర్ ఇచ్చిన టోకెన్లూ ఉంటాయి, పిక్సెళ్ళ వివరాలు దాచుకునే ఎన్‌కోడర్ ఇచ్చినవీ ఉంటాయి. వరుస పొడుగవుతుంది, ఖర్చు పెరుగుతుంది. అయినా కప్పు మారి బల్ల నిలవాలంటే ఆ రెండో రూపం తప్పదని నా అభిప్రాయం.

కోడ్‌బుక్ నంబర్లు తప్ప వేరే దారి లేదా అంటే, ఉంది. మెటా వాళ్ళదే ట్రాన్స్‌ఫ్యూజన్ అనే పద్ధతి, అదీ 2024దే. అందులో బొమ్మ ముక్కలను నంబర్లుగా కుదించరు, మామూలు వెక్టర్లుగానే ఉంచుతారు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మాటలను ఒక్కొక్క టోకెన్‌గా ఊహిస్తుంది, బొమ్మను మాత్రం డిఫ్యూజన్‌తో, అంటే నాయిస్ నుంచి మెల్లమెల్లగా తేటపరుస్తూ గీస్తుంది. మాటల టోకెన్లు వెనక్కి మాత్రమే చూస్తాయి. ఒకే బొమ్మలోని ముక్కలు ఒకదాన్నొకటి అటూ ఇటూ చూసుకుంటాయి. కుడి మూల గడి వేసేటప్పటికి ఎడమ మూల అప్పటికే ఖరారైపోయి ఉండటమనే ఇబ్బంది అప్పుడు ఉండదు. అందుకే, డిఫ్యూజన్ వాడినంత మాత్రాన అది జోడింపే అని తేల్చేయకూడదు. గీసే పద్ధతి వేరు, గీసేటప్పుడు ఏం కనిపిస్తోంది అన్నది వేరు.

అదే విధంగా, జోడింపులన్నీ మీ జోడింపులా మాటల మీదే నడవవు. 2023లో వచ్చిన కంట్రోల్‌నెట్ బొమ్మ అంచులనో లోతునో నేరుగా గీసే మోడల్‌లోకి పంపుతుంది. భాషా మోడల్ లోపలి వెక్టర్లనే డిఫ్యూజన్ మోడల్‌కు అందించే ఏర్పాట్లూ ఉన్నాయి. ఇవన్నీ అతుకును వెడల్పు చేయడమే. ఒక కొసన మీ నాలుగు వాక్యాలు, ఇంకో కొసన పాత ఫొటోలోని ప్రతి గడీ కనిపించే వరుస, మధ్యలో ఎన్నో మెట్లు. ఏ వ్యవస్థనైనా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఒక్కో ముక్క గీసే క్షణంలో పాత బొమ్మలోంచి దానికి ఏం కనిపిస్తోంది?

ఎలా కనిపెట్టాలి

మోడల్ లోపల ఏముందో తయారుచేసినవాళ్ళు చెప్పకపోయినా బయటి నుంచి చాలావరకు తెలుసుకోవచ్చు. కప్పు చుట్టూ, దాని ఛాయనూ కలుపుకుని కాస్త వదులుగా మాస్క్ గీసుకోండి. పాత ఫొటోను, వచ్చిన ఫొటోను ఒకే కొలతకు తెచ్చి తేడా లెక్కించండి. కింద `a` పాత ఫొటో, `b` కొత్తది, రెండూ మూడు రంగుల NumPy అర్రేలు. `mask` అదే ఎత్తు, వెడల్పు ఉన్న True/False అర్రే:

```python
import numpy as np
d = np.abs(a.astype(int) - b.astype(int)).mean(axis=2)
print("లోపల", d[mask].mean(), "బయట", d[~mask].mean())
```

`d` మొత్తాన్ని ఒక బొమ్మగా కూడా చూడండి, సగటు కన్నా అది ఎక్కువ చెబుతుంది. మాటల అతుకు ఉన్న జోడింపులో లోపలా బయటా తేడా ఒకేలా పెద్దగా ఉంటుంది, బల్ల అంచులు రెండేసి గీతలుగా కనిపిస్తాయి. అంటే వస్తువులే చోటు మారాయి. మాస్క్ వాడి మిగతాది అతికించే వ్యవస్థలో బయట దాదాపు సున్నా ఉంటుంది. పాత గళ్ళను చూస్తూ గీసే మోడల్‌లో బయట సన్నటి తేడా అంతటా పరుచుకుని ఉంటుంది, అంచులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి.

ఆ సన్నటి తేడా మోడల్ తప్పా, టోకెనైజర్ తప్పా తెలుసుకోవాలంటే, మోడల్ నేర్చుకున్న సంఖ్యలు, అంటే బరువులు, అందుబాటులో ఉంటే, ఏమీ మార్చమనకుండా ఫొటోను ఎన్‌కోడ్ చేసి వెంటనే డీకోడ్ చేయండి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ వద్దు. అలా తిరిగొచ్చిన ఫొటోలోనే నోటుపుస్తకం అక్షరాలు చెరిగిపోతే, ప్రాంప్ట్ ఎన్ని విధాల మార్చినా అవి తిరిగి రావు. ఇది పది నిమిషాల పని. దీన్ని ముందు చేయనందుకు ఒక ప్రాజెక్టులో మేము రెండు వారాలు ప్రాంప్టుల మీద పోగొట్టుకున్నాం.

ఇంకొక పరీక్ష కూడా చేయండి: వరుస మార్పులు. కప్పును నీలం చేయండి, తర్వాత పచ్చ, తర్వాత మళ్ళీ ఎరుపు. ప్రతిసారీ ముందు వచ్చిన ఫొటోనే ఇవ్వండి. చివరి ఎర్ర కప్పు ఫొటోను మొదటిదానితో పోల్చండి. నకలు రాయడం మోడల్ నేర్చుకున్న అలవాటే గానీ నియమం కాదు, కాబట్టి 952 గళ్ళలో నూటికి ఒకటి తప్పినా ఒక్కో విడతకు తొమ్మిది పది గళ్ళు మారతాయి. దాని మీద ప్రతిసారీ టోకెనైజర్ మసక చేరుతుంది. నాలుగైదు విడతల్లో చెక్క చారలు మెత్తబడటం, రంగు ఒకవైపు ఒరగడం, ముఖాలుంటే అవి మెల్లగా వేరే మనిషివి కావడం కంటికే తెలుస్తుంది. అందుకే వీలైతే ప్రతి మార్పునూ మొదటి ఫొటో మీదే అడగండి, ముందటి కోరికలన్నీ కలిపి ఒకే వాక్యంలో చెప్పండి.

ఒకే మోడల్ చదవగలదు కాబట్టి తాను గీసినదాన్ని తానే సరిదిద్దుకుంటుందని కూడా అనుకోవద్దు. బరువులు ఉమ్మడిగా ఉన్నంత మాత్రాన ఒక శక్తి ఇంకోదానికి దానంతట అదే రాదు. తాను గీసిన గడియారం ఎంత చూపిస్తోందో సరిగ్గా చదివి చెప్పి, అడిగిన సమయానికి ముళ్ళు పెట్టలేని మోడళ్ళను చూశాను. చదవడం నేర్పిన ఉదాహరణలు, గీయడం నేర్పిన ఉదాహరణలు వేరువేరుగా ఉంటే ఇలాగే అవుతుంది. ఇచ్చిన ఫొటో, కోరిక, మారిన ఫొటో మూడూ కలిసి ఒకే వరుసలో ఉన్న ఉదాహరణలు ట్రైనింగ్‌లో ఎన్ని ఉన్నాయన్నదే ఎక్కువ తేల్చుతుంది.

మీ పనికి

మీ జోడింపును పారేయమని చెప్పను. దానిలో ఒక మేలు ఉంది: అతుకు దగ్గర ఏం దాటిందో మీరు చదవగలరు. బొమ్మ తప్పు వస్తే వర్ణన తెరిచి చూసి, తప్పు చదివేవాడిదో గీసేవాడిదో నిమిషంలో తేల్చగలరు. ఒక భాగం బాగాలేకపోతే దాన్నొక్కదాన్నే మార్చుకోగలరు. ఒకే వరుస మోడల్‌లో ఆ అవకాశం లేదు. కమీలియన్ లాంటి మోడల్‌ను మొదటి నుంచి ట్రైన్ చేయడం కూడా తేలిక కాదు. మాటలూ బొమ్మలూ ఒకే బరువులను పంచుకున్నప్పుడు రెండూ పోటీగా తమ విలువలను పెంచుకుంటూ పోయి, చాలా దూరం వచ్చాక ట్రైనింగ్ కూలిపోవడం వాళ్ళు చూశారు. అటెన్షన్ లోపలి క్వెరీ, కీ వెక్టర్లను నార్మలైజ్ చేయడం వంటి మార్పులతో దాన్ని నిలబెట్టారు.

మీకు కొత్త బొమ్మలే కావాలంటే ఉన్న జోడింపు చాలు. ఉన్న ఫొటోలో మార్పులు కావాలంటే, ఇచ్చిన ఫొటో వివరాలను గీసే దశ దాకా తీసుకెళ్ళే మోడల్‌కు మారండి, పైన చెప్పిన పరీక్షలు పెట్టి ఎంచుకోండి. "మిగతాదేదీ ముట్టుకోవద్దు" అన్నది మీకు అక్షరాలా కావాలంటే ఏ మోడల్ మాటా నమ్మకుండా ఇంకొక అడుగు వేయండి. కొత్త ఫొటో వచ్చాక `d` ఎక్కువగా ఉన్న చోట్లను మాస్క్‌గా తీసుకోండి, ఆ అంచును కొన్ని పిక్సెళ్ళు వెడల్పు చేసి మెత్తబరచండి, అంతమేర మాత్రం కొత్త ఫొటో నుంచి తీసి పాతదాని మీద అతికించండి. ఛాయ కూడా మారింది కాబట్టి అదీ మాస్క్‌లోకి వస్తుంది. చెక్క చారలు మాత్రం మీ కెమెరా తీసినవే మిగులుతాయి. `d`కు ఎంత హద్దు పెట్టాలో మొదట ఎన్‌కోడ్, డీకోడ్ పరీక్షలో వచ్చిన తేడా చూసి నిర్ణయించండి. దానికి రెండు మూడు రెట్ల దగ్గర మొదలుపెట్టి, కప్పు అంచు దగ్గర ఎర్రటి గీత మిగులుతోందేమో చూస్తూ కొంచెం కొంచెంగా దించుకోండి.